కుండీ ముందు, మట్టి తరువాత: చంద్రపూర్ ఎండల్లో బాల్కనీ కూరగాయలు

నాలుగేళ్ల కిందటి మాట. బల్లార్పూర్‌లో మా మూడో అంతస్తు బాల్కనీలో, నల్ల గ్రో బ్యాగుల్లో పెట్టిన ఆరు బెండ మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. ఏప్రిల్ మూడో వారం నుంచి మధ్యాహ్నం కాగానే తలలు వాల్చడం మొదలుపెట్టాయి. నీళ్లు చాలడం లేదేమోనని పొద్దున, పన్నెండింటికి, సాయంత్రం, మూడు పూటలా పోశాను. వారం తిరిగేసరికి కింది ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. చివరికి ఒక బ్యాగును పక్కకు పడుకోబెట్టి బ్లేడుతో నిలువునా కోసి చూశాను. లోపల మట్టి తడిగానే ఉంది. ఇంటి గోడ వైపున్న వేళ్లు తెల్లగా, దారాల్లా గట్టిగా ఉన్నాయి. పడమటి వైపు వేళ్లు మాత్రం గోధుమరంగుకు తిరిగాయి. వాటిని వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు ఊడివచ్చి, లోపలి సన్నని నార మిగిలింది. నీళ్లకు కొదవ లేదు. ఎండ తగిలిన పక్క వేళ్లు ఉడికిపోయాయి, అంతే.

మా బాల్కనీ పడమటి ముఖం. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దుగుంకే దాకా ఎండ సూటిగా కొడుతుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మన పెద్దలంటారు, ఇక్కడివాళ్లు ఆ రోజుల్నే నౌతపా అంటారు. మే నెలలో ఈ జిల్లాలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పైగా గాలి పొడిగాలి. ఆరేసిన బట్ట అరగంటలో అట్టలా బిగుసుకుంటుంది. బల్లార్పూర్, రాజురా, చంద్రపూర్ వైపున్న మన తెలుగువాళ్లలో ఇలాంటి బాల్కనీలున్నవారి కోసమే ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం దాటి బరంపురం వైపు సముద్రపు తేమలో ఉన్నవాళ్లకు ఇందులో కొంత సరిపోదు, ఎందుకో కుండీల దగ్గర చెబుతాను.

ముందు తెలుసుకోవలసింది: వేరుకు ఎంత వేడి

పొలంలో అరడుగు లోతున మట్టి, పైన ఎండ ఎంత మండినా, అంత వేడెక్కదు. చుట్టూ ఉన్న భూమి ఆ వేడిని పంచుకుంటుంది. కుండీకి ఆ భాగ్యం లేదు. పక్కల నుంచి కూడా ఎండ తగులుతుంది, కింద గచ్చు కాలుతుంది. కూరగాయల వేళ్లు సుమారు 30 డిగ్రీల దాకా హాయిగా పనిచేస్తాయి. 35 దాటితే మందగిస్తాయి, 38 నుంచి 40 మధ్యలో ఎదుగుదల ఆగుతుంది. ఆపైన గంటలకొద్దీ ఉంటే చస్తాయి. ఎండలో ఉన్న నల్ల కుండీ పక్క గోడ దగ్గర మట్టి 50 డిగ్రీలు చేరడం మామూలే.

అందుకని మట్టి కొనేముందు వంటింట్లో వాడే పుల్ల థర్మామీటరు ఒకటి సంపాదించండి. ఇప్పుడున్న ఏ కుండీలోనైనా, పడమటి గోడకు రెండు వేళ్ల లోపలగా, జానెడు లోతుకు దాన్ని గుచ్చి సాయంత్రం నాలుగింటికి చూడండి. గాలిలో వేడి రెండింటికి ఎక్కువ అనిపిస్తుంది కానీ పడమటి కుండీకి అసలు గండం నాలుగు, అయిదు గంటల మధ్య. ఒక మే రోజున, నీడలో 44 ఉన్నప్పుడు, నేను చూసిన లెక్కలివి: నల్ల గ్రో బ్యాగు 49, తెల్ల పెయింటు బకెట్ 43, పండ్లబ్బాయి దగ్గర తెచ్చిన థర్మకోల్ పెట్టె 37, తడిసి ఉన్న పెద్ద మట్టి కుండీ 36. మీ బాల్కనీలో అంకెలు మారతాయి కానీ ఈ వరుస పెద్దగా మారదు. ఒకే ఎండ, ఒకే మట్టి, పదమూడు డిగ్రీల తేడా. కుండీని ముందు ఎంచుకుని, దాన్నిబట్టి మట్టి కలపమని చెప్పేది అందుకే.

మొదటి పని: కుండీ

మట్టి కుండీ గోడ నిండా కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. లోపలి తడి వాటిగుండా బయటికి వచ్చి ఆవిరవుతూ గోడను చల్లబరుస్తుంది. వేసవిలో కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత బాగా సాగుతుంది. విదర్భలో ప్రతి కిటికీకీ కూలర్ ఉండి, కోస్తాలో ఉక్కపోతకు కూలర్ పనికిరాకపోవడానికి కారణమేదో, మట్టి కుండీ ఇక్కడ అక్కరకొచ్చి అక్కడ అంతగా రాకపోవడానికీ అదే కారణం.

దీనికి రెండు షరతులున్నాయి. ఒకటి, గోడ తడిగా ఉన్నంతసేపే చల్లదనం. ఆరితే మట్టి కుండీ కూడా ఎండకు కాలే పెంకే. రెండు, కుండీ పెద్దదై ఉండాలి. పైన 14 అంగుళాల వెడల్పు, అడుగు లోతు ఉన్న కుండీలో, అంచు వదిలి నింపితే 16, 17 లీటర్ల మట్టి పడుతుంది. 8 అంగుళాల దానిలో మూడు లీటర్లకు మించి పట్టదు. చిన్న కుండీలో మట్టి తక్కువ, ఆ మట్టికి తగిలే గోడ ఎక్కువ. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నం భోజనం వేళకే అయిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో 12 అంగుళాల లోపు మట్టి కుండీలో కూరగాయ పెట్టకండి. ఉన్న చిన్న కుండీలను వానాకాలం పుదీనాకు దాచుకోండి.

కుండీ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమని మోగితే బాగా కాలిందని అర్థం. బొంగురుగా పలికితే పగులైనా ఉండాలి, కాల్చడం తక్కువైనా అయ్యుండాలి. తక్కువ కాలిన కుండీ రెండో వేసవికే పొరలు పొరలుగా రాలుతుంది. గోడలో తెల్లటి సున్నపు పలుకులు కనిపిస్తే వదిలేయండి, తడి తగిలి అవి ఉబ్బి గోడను పెచ్చులుగా ఊడగొడతాయి. ఇక రంగు. బజారులో ఎర్ర రంగు పూసిన కుండీలు అందంగా కనిపిస్తాయి. నేను అలాంటి దాని మీద చెయ్యి వేస్తే మా కుంభారే ఆపాడు. "తాయీ, అది గుమ్మం ముందు పెట్టుకునేవాళ్లకు. మొక్క బతకాలంటే ఈ వట్టిది పట్టుకెళ్లండి" అన్నాడు. రంగు రంధ్రాలను మూసేస్తుంది, ఆ తరువాత అది మట్టి కుండీ పేరుతో ఉన్న ప్లాస్టిక్ కుండీయే. ఇంట్లో పరీక్ష చాలా తేలిక: ఒక చెంచా నీళ్లు బయటి గోడ మీద పోయండి. పీల్చుకుని మచ్చ కడితే మంచిది, జారిపోతే రంగో పాలిషో ఉన్నట్టు. తెచ్చాక ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టాకే మట్టి నింపాలి, లేకపోతే మొదటి వారం మీరు పోసే నీళ్లన్నీ కుండీయే తాగేస్తుంది.

బరువు భయం ఉన్నవారికి, అద్దె ఇళ్లవారికి రెండో దారి థర్మకోల్ పెట్టె. పండ్ల దుకాణాల్లో, చేపల బజారులో, మందుల షాపుల్లో ఊరికే గానీ చవకగా గానీ దొరుకుతుంది. దాని గోడలో గాలి బంధించి ఉంటుంది కాబట్టి బయటి వేడి లోపలికి అంత తేలిగ్గా రాదు. నీళ్లు కూడా పక్కలనుంచి పోవు. ఎనిమిది, పది అంగుళాల లోతున్నది తోటకూర, గోంగూర, బచ్చలికి చాలా బాగుంటుంది. అడుగున కాకుండా, పక్క గోడకు అడుగునుంచి అర అంగుళం పైన, కాల్చిన స్క్రూడ్రైవరుతో నాలుగైదు రంధ్రాలు పెట్టండి. ఎండకు రెండేళ్లలో పొడి రాలడం మొదలవుతుంది, పాత గోనెపట్టా చుట్టితే ఇంకో ఏడాది వస్తుంది.

ప్లాస్టిక్ వాడక తప్పదంటే తెల్లదే వాడండి. ఇరవై లీటర్ల పెయింటు బకెట్‌ను బాగా కడిగి, రంధ్రాలు చేసి, పడమటి వైపు గోనెసంచి చుట్టి, నీళ్లు పోసినప్పుడల్లా ఆ సంచినీ తడపండి. కూలర్ గడ్డి చేసే పనే సంచీ చేస్తుంది. నల్ల బ్యాగులు ఇప్పటికే కొనేసినవారు వాటికీ ఇలాగే చుట్టుకోవచ్చు. ఈ మధ్య వస్తున్న గుడ్డ సంచులు, అంటే ఫాబ్రిక్ గ్రో బ్యాగులు, మట్టి కుండీలాగే చల్లబడతాయి కానీ మన పొడిగాలికి మట్టి కుండీ కంటే వేగంగా ఆరిపోతాయి. రోజూ రెండుసార్లు ఇంట్లో ఉండి నీళ్లు పోయగలిగినవారికే అవి. సిమెంటు తొట్టెలు పగలు తాగిన వేడిని రాత్రి పది దాకా వదులుతూనే ఉంటాయి, రేకు డబ్బాలు పెనాల్లా కాలుతాయి. ఈ రెండూ పడమటి ఎండకు వద్దు.

రెండో పని: మట్టిలో ఏమేం ఉండాలి

ఇక్కడ నియమం ఒక్కటే. కుండీ గోడ నీళ్లు పోగొట్టేదైతే మట్టి నీళ్లు దాచేదిగా ఉండాలి. గోడ నీళ్లు పట్టి ఉంచేదైతే మట్టి గాలి ఆడేదిగా ఉండాలి. నర్సరీలో అన్ని కుండీలకూ ఒకే సంచి మిశ్రమం అమ్ముతారు. అది మట్టి కుండీలో ఆరిపోయి, ప్లాస్టిక్‌లో కుళ్లబెడితే, లోపం సంచిదీ కాదు మనదీ కాదు, జోడీ కుదరలేదు.

మన చుట్టూ ఎటు చూసినా నల్లరేగడి. పత్తికి బంగారం లాంటి నేల. దాన్నే తెచ్చి కుండీ నింపితే మాత్రం కష్టం మొదలవుతుంది. రేగడిలోని బంక తడికి ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుంది. కుండీలో అది ముడుచుకున్నప్పుడు గోడకూ మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. ఆ తరువాత పోసిన నీళ్లు ఆ సందులోంచి సర్రున జారి అడుగు రంధ్రం నుంచి బయటపడతాయి. నీళ్లు బాగా దిగాయని మనం సంతోషిస్తాం, ముద్ద మధ్యలో ఉన్న వేరుకు చుక్క అందదు. అయినా రేగడిని పూర్తిగా పారేయకండి. నీటినీ పోషకాన్నీ పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు. మట్టి కుండీ మిశ్రమంలో పదో వంతు కలిపితే గుణం దక్కుతుంది, పగుళ్లు రావు.

ఎర్రమట్టి మిశ్రమానికి ఒడ్డూ పొడుగూ ఇస్తుంది, మొక్క ఊగకుండా నిలబెడుతుంది. రోడ్డు పక్క మురుం తెచ్చి ఎర్రమట్టి అనుకోవద్దు. అది ముక్కలైన రాయి, వేరుకు పనికొచ్చేదేమీ అందులో ఉండదు.

పశువుల ఎరువు పూర్తిగా మాగినదై ఉండాలి. పచ్చి పేడ, సగం మాగిన పేడ, కుండీలో మళ్లీ వేడెక్కుతాయి. అసలే వేడితో పోరాడుతుంటే లోపల ఇంకో పొయ్యి వెలిగించినట్టే. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, తొలకరి వాన తరువాతి మట్టి వాసన వస్తుంది. గుప్పిట్లో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. అనుమానం తీరకపోతే ఒక గ్లాసులో ఆ ఎరువూ మట్టీ సగం సగం కలిపి పది మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో ఎనిమిది, తొమ్మిది మొలిచి వేరు కొసలు తెల్లగా ఉంటే వాడుకోవచ్చు. మొలకలు రాకపోయినా, వేరు కొసలు గోధుమరంగుకు తిరిగినా ఆ ఎరువుకు ఇంకో నెల కావాలి.

కొబ్బరి పొట్టు మనకు దూరం నుంచి ఇటుకల రూపంలో వస్తుంది. అయిదు కిలోల ఇటుక నానితే అరవై లీటర్ల పైనే అవుతుంది, నాలుగైదు కుండీలకు సరిపోయి మిగులుతుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి పిండాలి. మొదటి నీళ్లు డికాషన్‌లా దిగుతాయి, లేత టీ రంగుకు వచ్చేదాకా కడగండి. ఉత్త పొట్టులో మొక్క పెట్టవద్దు. దానికంటూ పోషకం దాదాపు లేదు, పైన పొడిగా కనిపిస్తూ లోపల తడిగా ఉండి మనల్ని మోసం చేస్తుంది.

ఇక గాలి కోసం ఊక. మూల్, సిందేవాహి, బ్రహ్మపురి వైపు వరి పండుతుంది, అక్కడి రైస్ మిల్లుల ఊక మనదాకా వస్తుంది. ఒక వానాకాలం బయట తడిసిన పాత ఊకైతే మరీ మంచిది, కొత్తదైతే వారం నానబెట్టండి. ఊక బూడిద వేరు, ఊక వేరు. బూడిదలో క్షారం ఎక్కువ. దాన్ని గుప్పెడుకు మించి వేయకండి. బొగ్గు, కరెంటు ఫ్యాక్టరీల బూడిదను మట్టిని తేలిక చేస్తుందని కలిపేవారున్నారు. కూర తినే కుండీలో అది అసలు వద్దు, క్షారంతో పాటు బోరాన్, భార లోహాలు అందులో ఉంటాయి. ఆ బూడిదతో చేసిన ఇటుకలను కుండీల కింద ఎత్తుకు పెట్టుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

మూడో పని: కలపడం

కొలతకు ఒక ఘమేలా గానీ తట్ట గానీ పెట్టుకోండి. బరువుతో కాదు, నిండుతో కొలవాలి. మట్టి కుండీకి పది తట్టల లెక్క ఇది: ఎర్రమట్టి మూడు, నల్లరేగడి ఒకటి, మాగిన పశువుల ఎరువు రెండు, వర్మికంపోస్టు ఒకటి, కడిగి పిండిన కొబ్బరి పొట్టు రెండు, ఊక ఒకటి.

థర్మకోల్ పెట్టెకూ తెల్ల బకెట్‌కూ రేగడి తీసేయండి. ఎర్రమట్టి రెండు, ఎరువు రెండు, వర్మికంపోస్టు ఒకటి, కొబ్బరి పొట్టు మూడు, ఊక రెండు. ఊక దొరకకపోతే ముతక రేతి వేయవచ్చు. వార్ధా నది రేతిని కడిగి, జల్లెడలో మిగిలిన పలుకులనే వాడాలి. సన్నని రేతి సందులన్నీ పూడ్చి మట్టిని ఇంకా బిగిస్తుంది. రేతితో బరువు పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండు మిశ్రమాలకూ కుండీకి రెండు గుప్పిళ్ల వేపపిండి కలపండి. రేగడిని మాత్రం ముద్దలుగా వేయకూడదు. ముందు ఎండబెట్టి, రోకలితో పొడి చేసి, జల్లించి, ఎర్రమట్టితో పొడిపొడిగా కలిపాకే తడి కొబ్బరి పొట్టు వేయాలి. తడిలో రేగడి వేస్తే సున్నుండల్లా గడ్డలు కట్టి అలాగే ఉండిపోతాయి. కలిపిన మట్టిని గోనెసంచి కప్పి పది రోజులు నీడలో ఉంచి, రెండు రోజులకోసారి తిరగేయండి. మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే ఎరువు ఇంకా మాగుతోందని అర్థం, ఆ వేడి చల్లారేదాకా ఆగాలి.

తరువాత రెండు పరీక్షలు. గుప్పెడు తడి మిశ్రమాన్ని పిడికిట బిగించి విప్పండి. ఉండగా నిలబడాలి, బొటనవేలితో పొడిస్తే విరిగి పొడి కావాలి. ఉండ కట్టకపోతే ఎరువో పొట్టో తక్కువ, పొడిచినా విరగకపోతే బంక ఎక్కువ. రెండోది, నింపిన కుండీకి ముందు నిండా తడి పెట్టి, గంట తరువాత మళ్లీ ఒక లీటరు పోయండి. నీళ్లు నిమిషంలో ఇంకిపోయి, అయిదు నిమిషాల లోపు అడుగునుంచి చుక్కలు పడాలి. పావుగంటైనా పైన నిలిచి ఉంటే ఆ మట్టిని తిరిగి తీసి అరతట్ట ఊక కలపండి. విత్తనం వేశాక ఈ పని చేయలేరు.

నాలుగో పని: నింపడం

అడుగున గులకరాళ్లు, పెంకులు పొరగా వేస్తే నీళ్లు బాగా దిగుతాయని మా అమ్మ కాలం నుంచి అందరం చేశాం. నిజానికి నీళ్లు సన్నని మట్టిలోంచి ముతక రాళ్లలోకి తేలిగ్గా దిగవు. మట్టి పూర్తిగా తడిసి బరువెక్కేదాకా రాళ్ల పైనే ఆగుతాయి. ఆ చిత్తడి పొర కుండీ అడుగున ఉండవలసింది, రాళ్ల వల్ల పైకి జరిగి వేళ్ల మధ్యకు వస్తుంది. మట్టికి చోటూ తగ్గుతుంది. రంధ్రం మీద ఒక దోమతెర ముక్కో, ఒక వంపు పెంకో చాలు, మట్టి జారకుండా.

మట్టిని అదిమి నింపకండి. సగం నింపి కుండీని నేలకు రెండుసార్లు తట్టి, మిగతా సగం వేసి మళ్లీ తట్టండి. పై అంచుకు రెండు అంగుళాలు వదలండి, అందులో అంగుళం నీళ్లకు, అంగుళం కప్పుకు. కప్పు అంటే మట్టి మీద వేసే ఎండుటాకో గడ్డో. వేసవిలో ప్రతి వీధి మొదట్లో చెరకు రసం బండి ఉంటుంది కదా, ఆ పిప్పి రెండు రోజులు ఎండలో ఆరేసి చింపి పరిస్తే దానికి మించింది లేదు. పచ్చిదే వేస్తే తీపికి చీమలు పడతాయి.

కుండీని గచ్చు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టండి, కింద గాలి ఆడాలి. పెద్ద కుండీలను రెయిలింగు అంచున కాకుండా గోడ వైపుకు జరపండి. తడిసిన 14 అంగుళాల మట్టి కుండీ సుమారు ముప్ఫై కిలోలు తూగుతుంది, పది కుండీలంటే మూడు క్వింటాళ్లు. పాత కట్టడమైతే మేస్త్రీని అడగకుండా అన్ని పెట్టకండి. ఏసీ వెనక భాగం ఊదే వేడిగాలికి ఎదురుగా ఏ కుండీ బతకదు.

ఒక కుండీ లెక్క, మొదటినుంచి

పోయిన ఏడాది నా మూడో నంబరు కుండీ చెబుతాను. 14 అంగుళాల వట్టి మట్టి కుండీ, పైన చెప్పిన పది తట్టల మిశ్రమం. ఫిబ్రవరి మూడో వారంలో నాలుగు బెండ గింజలు వేసి, రెండు మొలకలు ఉంచాను. ఆలస్యం చేసి ఏప్రిల్లో వేస్తే వేరు కుండీ అంతా పరుచుకునేలోపే ఎండ ముదురుతుంది, అందుకే హోలీ లోపలే మొలకలు నిలబడాలి.

మే మొదటి వారంలో, నీళ్లు నిండా పోసి అడుగు చుక్కలు ఆగాక, లగేజీ కాంటాకు తాడుతో తగిలించి తూచాను. 31 కిలోలు. మర్నాడు పొద్దున అదే వేళకు 28. అంటే మొక్కలు తాగినదీ గోడ ఆవిరి చేసినదీ కలిసి రోజుకు మూడు లీటర్లు. ఇలాంటి మిశ్రమం తన నిండులో దాదాపు నాలుగో వంతు నీటిని వేరుకు అందేలా దాచుకుంటుంది. 17 లీటర్లకు నాలుగు లీటర్ల పైచిలుకు. రోజు ఖర్చు మూడు, నిల్వ నాలుగు. కాబట్టి పొద్దున ఆరింటికి మూడు లీటర్లు పోస్తే మర్నాటి దాకా గండం గడుస్తుంది. సాయంత్రం కుండీ బయటి గోడ మీద మాత్రం ఒక చెంబు చల్లుతాను. ఇదే లెక్క మూడు లీటర్ల మట్టి పట్టే 8 అంగుళాల కుండీకి వేయండి. నిల్వ ముప్పావు లీటరే, ఒక్క మొక్క పెట్టినా పన్నెండింటికి ఖాళీ.

ఆ కుండీ ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా రెండు మూడు రోజులకోసారి గుప్పెడు కాయలిచ్చింది. నౌతపా తొమ్మిది రోజులూ పూత తగ్గింది, ఆకు అంచులు కాస్త మాడాయి. పైన సగం ఎండను ఆపే ఆకుపచ్చ నెట్ కట్టి ఉన్నా అంతే. అదే నెట్ కింద, అలాంటి కుండీలోనే, టమాటా మాత్రం కాయలేదు. పగలు 35 దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. మట్టీ కుండీ వేరును కాపాడతాయి, పువ్వును కాపాడలేవు. మే నెలకు బెండ, గోరుచిక్కుడు, బొబ్బర్లు, తోటకూర, గోంగూర, బచ్చలి పెట్టుకుని, టమాటాను చలికాలానికి వదలండి. వంగ, మిర్చి మొక్కలు బతుకుతాయి, కాపు జూన్ తరువాతే.

తేడా వస్తే ఎలా తెలుస్తుంది

మధ్యాహ్నం ఆకు వాలినంత మాత్రాన పరుగెత్తి నీళ్లు పోయకండి. మట్టిలోకి వేలు రెండు కణుపులు దించండి. లోపల పొడిగా ఉంటే నీళ్లు తక్కువే. తడిగా ఉండి ఆకు వాలి, పొద్దుగూకాక తిరిగి లేస్తే అది ఎండకు తాళలేక మొక్క తనను తాను కాపాడుకోవడం, నీడ పెంచండి చాలు. తడిగా ఉండి తెల్లవారినా లేవకపోతే వేరు దెబ్బతిన్నట్టు. అప్పుడు నీళ్లు పోస్తే నా గ్రో బ్యాగుల గతే. కుండీని ఇంటి లోపలి నీడకు మార్చి, రెండు రోజులు నీళ్లు ఆపి, పై కొమ్మలు మూడో వంతు తుంచండి. తోటకూర, బచ్చలి తేరుకుంటాయి, బెండ సగం సార్లే.

పోసిన నీళ్లు వెంటనే అడుగునుంచి వచ్చేస్తున్నాయంటే మట్టి గోడను వదిలింది. పుల్లతో అంచు చుట్టూ గుచ్చి, సందులో మిశ్రమం కూరి, కుండీని అరగంట నీళ్ల టబ్బులో కూర్చోబెట్టండి. పైనుంచి ఎంత పోసినా ఆ ముద్ద తడవదు, కిందినుంచి పీల్చుకుంటేనే తడుస్తుంది.

మట్టి కుండీ బయట తెల్లటి పూత వస్తే అది బోరు నీళ్లలోని ఉప్పు. గోడమీద రావడం ఒకందుకు మంచిదే, అంతమేరకు లోపల తగ్గుతుంది. పైమట్టి మీద, కాండం మొదట్లో తెల్లగా పేరుకుని, ముదురు ఆకుల కొసలు మాడుతుంటే మాత్రం కడగాలి. మూడు వారాలకోసారి చల్లని వేళ, కుండీ నిండుకు రెండింతల నీళ్లు, అంటే 17 లీటర్ల కుండీకి ముప్ఫై పైచిలుకు లీటర్లు, నెమ్మదిగా పోసి పూర్తిగా కిందికి పోనివ్వండి. కింద పళ్లెం ఉంటే తీసేయండి. కడిగాక వర్మికంపోస్టు రెండు గుప్పిళ్లు వేయాలి, ఉప్పుతో పాటు పోషకం కూడా కొట్టుకుపోతుంది కాబట్టి.

దీనికి సంబంధించే ఒక మాట. మా పక్కింటి వదిన వారం రోజులు వాడిన కూలర్ ట్యాంకు ఖాళీ చేస్తూ ఆ నీళ్లు వృథా ఎందుకని గోంగూర పెట్టెకు పోసింది. పెట్టెలోని గోంగూర మొత్తం ఆకు అంచులు మాడాయి. కూలర్‌లో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. రోజుల తరబడి నింపిన ట్యాంకు అడుగు నీళ్లలో బోరు నీళ్లకు ఎన్నో రెట్ల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్లు గచ్చు కడగడానికే వాడండి. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు దానికి పూర్తిగా వేరు, వాటిలో ఉప్పు ఉండదు. బకెట్ పెట్టి పట్టి, బోరు నీళ్లలో కలిపి పోసుకోవచ్చు.

మృగశిర దాటి తొలి వానలు పడగానే ఇదే మిశ్రమం ఎదురు తిరుగుతుంది. నీళ్లు దాచమని రేగడి కలిపిన మట్టి, గాలిలో తేమ పెరిగి గోడ ఆవిరి చేయడం మానేశాక, చిత్తడిగా ఉండిపోతుంది. మొదటి పెద్ద వాన పడిన వారంలో చెరకు పిప్పి కప్పు తీసేయండి. ఎండాకాలం వేడికి ఎరువు కరిగి మట్టి రెండు అంగుళాలు దిగి ఉంటుంది, ఆ ఖాళీలో సగం ఊక, సగం వర్మికంపోస్టు వేసి పైమట్టితో వేళ్లు తెగకుండా కలపండి. కుండీ కింది ఇటుకలు మాత్రం అలాగే ఉంచండి, వానాకాలం రంధ్రం మూసుకుపోకుండా ఉండేది వాటివల్లే.